స్నానం చేస్తుంటే రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలితే ఏం చేయాలి?

సబ్బు చేతికి గడ్డ తగలగానే చాలామంది దాన్ని నొక్కి చూస్తారు. నొప్పి లేకపోతే "ఏం కాదులే" అని వదిలేస్తారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డలు మొదట్లో ఎక్కువగా నొప్పి పుట్టించవు. అలాగని నొప్పి లేని గడ్డ ప్రతిదీ క్యాన్సరే అని భయపడక్కర్లేదు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ శాతం ప్రమాదం లేనివే. అది ఏ రకమో నొప్పిని బట్టి తేలదు, పరీక్షతోనే తేలుతుంది.

ముందు ఇంట్లో ఒకసారి సరిగ్గా చూసుకోండి

వెల్లకిలా పడుకుని, గడ్డ ఉన్న వైపు భుజం కింద దిండు పెట్టుకుని, ఆ చేతిని తల వెనక్కి పెట్టండి. రెండో చేతి మూడు వేళ్లను చదునుగా ఆనించి చిన్న చిన్న గుండ్రాలుగా తడమండి. వేళ్ల మధ్య పట్టుకుని పిండితే మామూలు రొమ్ము కూడా గడ్డలాగే అనిపిస్తుంది. రొమ్ము కింది అంచున చాలామందికి అడ్డంగా గట్టి మడత ఉంటుంది, అది సహజం. రెండో రొమ్ములో అదే చోట అలాగే ఉందేమో చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే అది మీ శరీర తీరే కావచ్చు. ఒక వైపే విడిగా తెలుస్తుంటే దాన్ని గడ్డగానే తీసుకోవాలి.

ఎటు వైపు ఉంది, చనుమొనకు పైనా కిందా, సుమారు ఎంత సైజు, చివరి నెలసరి ఎప్పుడొచ్చింది అన్నవి రాసి పెట్టుకోండి. ఆ తర్వాత రోజూ నొక్కి చూడకండి. నొక్కినకొద్దీ అక్కడ నొప్పి మొదలై, లేని లక్షణం ఒకటి వచ్చి చేరుతుంది.

అద్దం ముందు చూడాల్సినవి

చేతులు కిందికి వదిలి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుం మీద పెట్టి గట్టిగా అదిమి ఒకసారి చూసుకోండి. చేతులు కదిలినప్పుడు చర్మం ఎక్కడైనా లోపలికి సొట్ట పడుతోందా? చర్మం బత్తాయి తొక్కలా మందంగా, గుంటలు గుంటలుగా ఉందా? ఇదివరకు బయటికి ఉన్న చనుమొన ఈ మధ్య లోపలికి వెళ్లిందా? పుట్టుకతోనే లోపలికి ఉన్నదైతే దాని లెక్క వేరు. చనుమొన మీద ఎంతకీ మానని పొక్కు గానీ పుండు గానీ ఉందా? నొక్కకుండానే ఒక్క వైపు నుంచి రక్తం గానీ నీళ్లలాంటి ద్రవం గానీ వస్తోందా? చంకలో గడ్డ తగులుతోందా? వీటిలో ఒక్కటి ఉన్నా, లేదా గడ్డ రాయిలా గట్టిగా, అంచులు ఎగుడుదిగుడుగా, కదలకుండా ఉన్నా, నెలసరి కోసం ఆగకుండా ఆ వారంలోనే డాక్టర్‌ని కలవాలి.

ఏ వయసులో ఏ గడ్డలు ఎక్కువ

ఇరవైలలో, ముప్ఫైల మొదట్లో ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా. నునుపుగా, గుండ్రంగా ఉంటుంది, తాకితే వేళ్ల కింద జారిపోతుంది, నొప్పి ఉండదు. ముప్ఫై అయిదు దాటి నెలసరి ఆగే వయసు వరకు నీటి తిత్తులు ఎక్కువ. అవి ఉన్నట్టుండి పెరుగుతాయి, నెలసరి ముందు బిగుసుకోవచ్చు. బిడ్డకు పాలిస్తున్నవాళ్లలో పాలు గడ్డకట్టి తిత్తిలా మారవచ్చు. దెబ్బ తగిలిన చోట కొవ్వు గట్టిపడి నెలల తరబడి ఉండిపోవచ్చు. ఈ చివరిది చేతికీ స్కాన్‌కీ కూడా క్యాన్సర్‌లాగే అనిపించవచ్చు కాబట్టి "దెబ్బ తగిలిందిలే" అని సరిపెట్టుకోకూడదు.

ముప్ఫై లోపు వయసుండి, పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోతే, వచ్చే నెలసరి మొదలయ్యాక వారానికి, అంటే రొమ్ములు మెత్తబడ్డ రోజుల్లో, మళ్లీ ఒక్కసారి చూసుకోవచ్చు. గడ్డ పోతే సరే. అలాగే ఉంటే చూపించుకోవాలి. ముప్ఫై దాటినవాళ్లు, నెలసరి ఆగినవాళ్లు, ఇంట్లో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఉన్నవాళ్లు అంతకాలం కూడా ఆగకూడదు. ఇంట్లో అంటే అమ్మ వైపే కాదు, నాన్న వైపు మేనత్తలూ లెక్కలోకి వస్తారు.

ఎవరికి చూపించాలి, ఏ స్కాన్ చేయించాలి

గడ్డకు చూపించాల్సింది సర్జన్‌కి. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే సర్జరీ ఓపీకి వెళ్లాలి. మొదట గైనకాలజిస్టుకి చూపించుకోవడమే సౌకర్యంగా ఉంటే అలాగే చేయండి, వాళ్లే పంపుతారు. సిగ్గుతో ఆగిపోయే వదినకో అక్కకో తోడుగా వెళ్లండి, ఆ తోడు లేకే చాలామంది నెలలు గడిపేస్తారు.

ముప్ఫై లోపు వాళ్లకు మొదట అల్ట్రాసౌండ్ చేస్తారు. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ సరిగ్గా కనబడదు. నలభై దాటితే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ చేస్తారు. మధ్య వయసులో ఏది ముందో డాక్టర్ చెబుతారు. మామోగ్రామ్‌కి వెళ్లే రోజు చంకల్లో, రొమ్ము మీద పౌడర్, స్ప్రే వాడకండి. వాటి రేణువులు ఫిల్మ్‌లో సున్నపు చుక్కల్లా పడి గందరగోళపరుస్తాయి. స్కాన్ చేసేవాళ్లకు గడ్డ ఉన్న చోటు మీరే వేలితో చూపించండి.

ఒక ఉదాహరణ

ఇరవై ఏడేళ్ల అమ్మాయికి కుడి రొమ్ము పైభాగంలో రెండు సెంటీమీటర్ల జారే గడ్డ ఉందనుకుందాం. అల్ట్రాసౌండ్‌లో అది కోడిగుడ్డు ఆకారంలో, అంచులు స్పష్టంగా కనిపించి, రిపోర్టు చివర, క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే బైరాడ్స్ అంకె 3 అని వచ్చింది. అంటే అది క్యాన్సర్ అయ్యే అవకాశం రెండు శాతానికి మించదు. ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేయించుకోమంటారు, లేదా టెన్షన్ భరించలేకపోతే సూది పరీక్షతో తేల్చేస్తారు. ఫైబ్రోఎడినోమా అని తేలితే కోయాల్సిన పనిలేదు, వేగంగా పెరిగినా బాగా పెద్దదైనా అప్పుడు తీస్తారు. కరిగించే మాత్రలంటూ నెలల తరబడి వాడటంలో అర్థం లేదు.

ఇదే గడ్డ నలభై ఆరేళ్ల ఆవిడకు కొత్తగా వస్తే, చేతికి ఎంత నునుపుగా తగిలినా, ఆరు నెలలు చూద్దామనేవాళ్లు తక్కువ. స్కాన్‌లో అది నీటి తిత్తి అని స్పష్టంగా తేలకపోతే సూది పరీక్ష చేయిస్తారు. బైరాడ్స్ 4, 5 వస్తే ఏ వయసులోనైనా బయాప్సీ తప్పదు.

సూది పరీక్ష గురించి

తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, కాస్త లావు సూదితో సన్నని ముక్కలు తీయడమే కోర్ బయాప్సీ. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో చాలామంది తప్పించుకుంటారు, అది నిజం కాదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. అనుమానం ఉన్న గడ్డను బయాప్సీ లేకుండా నేరుగా కోసి తీసేసి, తర్వాత అది క్యాన్సర్ అని తేలితే, మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది, చికిత్స చిక్కుపడుతుంది. "ముందు బయాప్సీ చేద్దామా?" అని అడగడానికి మొహమాటపడకండి.

డాక్టర్ చేతికి తగిలింది, స్కాన్ చూపించింది, బయాప్సీ చెప్పింది, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. మామోగ్రామ్ మామూలుగా ఉన్నా గడ్డ చేతికి తగులుతూనే ఉంటే పరీక్ష పూర్తి కానట్టే, అల్ట్రాసౌండ్ తప్పక అడగండి. బయాప్సీ మంచిదే వచ్చినా స్కాన్ అనుమానంగా ఉంటే మళ్లీ తీయాలి. ప్రమాదం లేదని తేలిన గడ్డ అయినా తర్వాత పెరుగుతుంటే, పాత ఫైలు పట్టుకుని మళ్లీ వెళ్లండి.