అద్దె అగ్రిమెంట్‌లో డిపాజిట్, నోటీసు, ఖాళీ చేయించే షరతులు: సంతకానికి ముందు ఎలా చదవాలి?

ఇల్లు ఖాళీ చేసే రోజున డిపాజిట్‌లో ఎంత చేతికి వస్తుందో, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే రోజునే లెక్క వేసుకోవచ్చు. ఆ లెక్కకు కావలసిన మాటలన్నీ అందులోనే ఉంటాయి. కాకపోతే ఒకే చోట ఉండవు. డిపాజిట్ గురించి మొదటి పేజీలో ఉంటే, నోటీసు గురించి మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఖాళీ చేయించే షరతు చివర్లో ‘ఇతర నిబంధనలు’ కింద ఉంటుంది. నేను ఒకసారి డిపాజిట్ పేరా మాత్రం శ్రద్ధగా చదివి సంతకం పెట్టాను. మిగతావి చదవనందుకు ఒక నెల అద్దె పోయింది. అప్పటినుంచి అగ్రిమెంట్‌ని ఖాళీ చేసే రోజు నుంచి వెనక్కి చదవడం అలవాటు చేసుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు తేదీలు, అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి

అద్దె మొదలయ్యే తేదీ, గడువు ముగిసే తేదీ, నెల అద్దె, డిపాజిట్ మొత్తం, నోటీసు ఎన్ని రోజులు, లాక్-ఇన్ ఉంటే ఎన్ని నెలలు. లాక్-ఇన్ అంటే ఆ కాలం పూర్తయ్యేలోపు ఖాళీ చేయకూడదని ముందే ఒప్పుకోవడం. ఈ ఆరింటిలో ఏదైనా ఖాళీ గీతగా మిగిలి ఉంటే, అది నింపేదాకా సంతకం పెట్టకండి. తర్వాత ఎవరు ఏం నింపినా దాని కింద మీ సంతకం ఉంటుంది.

2. డిపాజిట్ పేరాలో మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి

ఎంత ఇస్తున్నామన్నది అందరూ చూస్తారు. ఎప్పుడు తిరిగి ఇస్తారు, దేనికోసం కోస్తారు, ఆ కోత ఎంతో ఎవరు తేలుస్తారు అన్నవే అసలు ప్రశ్నలు.

ఎప్పుడు అన్నదానికి ‘ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజున’ అని ఉంటే మంచిది. ‘ఇన్ని రోజుల్లోపు’ అని ఉన్నా సరే. కొన్నిట్లో ‘కొత్తగా అద్దెకు వచ్చినవారు డిపాజిట్ చెల్లించిన తర్వాత’ అని ఉంటుంది. అప్పుడు మీ డబ్బు తిరిగి రావడం ఎవరో తెలియని మనిషి రాక మీద ఆధారపడుతుంది. తారీఖు ఏదీ లేకపోతే, ఓనర్ ఆలస్యం చేసినా అగ్రిమెంట్ చూపించి అడగడం కష్టం. ఈ ఒక్క వాక్యం మార్చమని అడిగితే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు.

దేనికోసం కోస్తారు అన్నచోట బాకీ అద్దె, కరెంటు, నీళ్ల బిల్లులు, మీ వల్ల జరిగిన నష్టం ఉండటం న్యాయమే. ఇంగ్లీషు అగ్రిమెంట్‌లో ‘నార్మల్ వేర్ అండ్ టేర్’ అనే మాట ఉందో లేదో వెతకండి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు మీ దగ్గర డబ్బు వసూలు చేయకూడదని దాని అర్థం. గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల. గోడకు పెద్ద రంధ్రం పడటం నష్టం. వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఇదే తేడా చూపిస్తుంది. తీసుకున్నప్పటి స్థితిలో ఇల్లు అప్పగించాలి గానీ సహజ అరుగుదలకు మినహాయింపు ఉంటుందని చెబుతుంది. అయితే అగ్రిమెంట్‌లోనే ‘పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె మినహాయించబడును’ అని రాసి ఉంటే, మీరు దానికి ఒప్పుకున్నట్టే. అందుకే పెయింటింగ్ అనే మాట ఎక్కడుందో ప్రత్యేకంగా వెతకండి.

ఎవరు తేలుస్తారు అన్నచోట ‘యజమాని నిర్ణయమే తుది నిర్ణయం’ అని ఉంటే, పక్కనే ‘బిల్లులు చూపించి’ అని రెండు మాటలు చేర్పించండి. దిగిన రోజున గదుల ఫోటోలు, వీడియో తీసి ఓనర్‌కి కూడా పంపిస్తే, వెళ్లే రోజున ఎవరి మాట నిజమన్న గొడవ ఉండదు.

3. నోటీసు పేరాని లాక్-ఇన్‌తో కలిపి చదవండి

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. అందుకే ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం.

ఒకావిడ జూన్ 1న ఇంట్లో దిగారనుకుందాం. అద్దె నెలకు 12,000, డిపాజిట్ 36,000. గడువు పదకొండు నెలలు, లాక్-ఇన్ ఆరు నెలలు, అంటే నవంబరు 30 దాకా. నోటీసు గురించి ‘ఇరువురిలో ఎవరైనా రెండు నెలల లిఖితపూర్వక నోటీసు ఇవ్వవలెను, అది నెలాఖరుతో ముగియవలెను’ అని ఉంది. సెప్టెంబరు 10న ఆవిడకు వేరే ఊరికి బదిలీ వచ్చింది. అదే రోజు ఓనర్‌కి ఫోన్ చేసి, అక్టోబరు చివర్లో వెళ్లిపోతామని చెప్పారు. ఆయన “సరేనమ్మా” అన్నారు.

అక్టోబరు 31న తాళాలు ఇచ్చేసరికి ఓనర్ లెక్క ఇలా ఉంది: లాక్-ఇన్‌లో మిగిలిన నవంబరుకు 12,000, నోటీసు లేనందుకు రెండు నెలల అద్దె 24,000. మొత్తం 36,000. డిపాజిట్ మొత్తం పోయింది.

ఇందులో రెండు విషయాలు విడదీసి చూడాలి. మొదటిది, అగ్రిమెంట్ ‘లిఖితపూర్వక’ అంటోంది కాబట్టి ఫోన్‌లో చెప్పినది నోటీసుగా నిలవడం కష్టం. సెప్టెంబరు 10నే ఆవిడ కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే, రెండు నెలలు నవంబరు 10కి పూర్తవుతాయి. ‘నెలాఖరుతో’ అనే మాట వల్ల అది నవంబరు 30 దాకా సాగుతుంది. లాక్-ఇన్ కూడా నవంబరు 30నే ముగుస్తుంది. అంటే నోటీసు, లాక్-ఇన్ రెండూ ఒకే కాలంలో నడుస్తాయి. అక్టోబరులో వెళ్లిపోయినా ఆవిడ కట్టాల్సింది నవంబరు అద్దె 12,000 మాత్రమే. మిగతా 24,000 తిరిగి రావాలి. ఒక్క కాగితానికి అంత తేడా.

రెండోది, లాక్-ఇన్ నడుస్తుండగా నోటీసు ఇవ్వవచ్చా అన్నది. ‘లాక్-ఇన్ ముగిసిన తర్వాత మాత్రమే నోటీసు ఇవ్వవలెను’ అని ఉంటే, పై లెక్క మారిపోతుంది. డిసెంబరు 1న నోటీసు ఇస్తే జనవరి 31 దాకా బాధ్యత ఉంటుంది. అంటే ఆరు నెలల లాక్-ఇన్ అని కనబడుతున్నది నిజానికి ఎనిమిది నెలలు. ఇంగ్లీషులో ‘ఓన్లీ ఆఫ్టర్’ లేదా ‘ఆన్ ఎక్స్‌పైరీ ఆఫ్ ద లాక్-ఇన్’ అన్న చోట ఆగి చూడండి. అక్కడ ‘లాక్-ఇన్ కాలంలో కూడా నోటీసు ఇవ్వవచ్చు’ అని మార్పించుకోగలిగితే పెద్ద ఊరట.

నోటీసు ఎలా ఇవ్వాలో కూడా చూడండి. ఈమెయిల్, వాట్సాప్ చెల్లుతాయని అగ్రిమెంట్‌లో ఉంటే వాటితో పంపవచ్చు. లేకపోతే రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి, లేదా చేతికిచ్చి కాపీ మీద ఓనర్ సంతకం తీసుకోవాలి. రోజులు ఇద్దరికీ ఒకేలా ఉన్నాయా అన్నది కూడా ముఖ్యమే. మీరు రెండు నెలల ముందు చెప్పాలి, ఆయన మాత్రం పదిహేను రోజుల ముందు చెబితే చాలు అని ఉంటే, ఆ మాట అక్కడే అడగండి. అగ్రిమెంట్‌లో నోటీసు ఊసే లేకపోతే, 1882 చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల రాతపూర్వక నోటీసు వర్తిస్తుంది.

4. ఖాళీ చేయించే షరతులో కారణాన్ని, గడువుని, పద్ధతిని విడదీయండి

కారణాలు మామూలుగా ఇవే ఉంటాయి: అద్దె బాకీ, ఓనర్‌కి తెలియకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని వ్యాపారానికి వాడటం, ఇంటికి నష్టం చేయడం. బాకీ దగ్గర ఒక చిన్న మాట చూడాలి. ‘వరుసగా రెండు నెలలు’ అనడం వేరు, ‘ఏవైనా రెండు నెలలు’ అనడం వేరు. మొదటిదానిలో ఆలస్యమైన ఒక నెల సర్దుకుంటే చాలు. రెండోదానిలో మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఆలస్యమైనా షరతు కిందికి వస్తుంది.

తర్వాత, తప్పు సరిదిద్దుకోవడానికి గడువు ఇస్తున్నారా అని చూడండి. ‘నోటీసు అందిన 15 రోజుల్లో బాకీ చెల్లించినచో’ వంటి వాక్యం ఉంటే, జీతం ఆలస్యమైన నెలలో టెన్షన్ చాలా తగ్గుతుంది. లేకపోతే చేర్చమని అడగండి.

పద్ధతి దగ్గర కొన్ని అగ్రిమెంట్లలో ‘ఎటువంటి నోటీసు లేకుండా తాళం వేసే హక్కు, సామాను బయటపెట్టే హక్కు యజమానికి కలదు’ అని రాస్తారు. అది చదివి భయపడి ఇల్లు వదిలి వెళ్లిపోకండి. కారణం నిజమైనదైనా, ఇంట్లో ఉన్నవారిని ఖాళీ చేయించడానికి ఓనర్ చట్టప్రకారమే వెళ్లాలి, అంటే కోర్టు లేదా అద్దె వివాదాలు చూసే అధికారి దగ్గరకు. బలవంతంగా బయటకు పంపితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కోర్టుకి వెళ్లి ఇంటిని తిరిగి స్వాధీనం చేయమని అడగవచ్చు. అయినా ఆ మాటలు అలాగే ఉంచి సంతకం పెట్టవద్దని నా సలహా. కోర్టుకి వెళ్లే అవసరమే రాకుండా చూసుకోవడం మేలు కదా.

గడువు ముగిశాక ఉంటే ఏమవుతుందన్నది కూడా ఈ పేరాలోనే ఉంటుంది. ‘రోజుకు రెట్టింపు అద్దె’ అని ఉంటే, అది ఏ రోజు నుంచి మొదలవుతుందో చూసుకోండి. కేంద్రం 2021లో విడుదల చేసిన మోడల్ టెనెన్సీ చట్టంలో, ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదని, గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె కట్టాలని ఉంది. అది నమూనా మాత్రమే. మీ రాష్ట్రం దాన్ని చట్టంగా తెచ్చుకుంటేనే మీకు వర్తిస్తుంది.

5. మార్పులు అడిగేటప్పుడు

అన్నీ మార్చమని అడిగితే ఓనర్‌కి చికాకు వస్తుంది. డిపాజిట్ తిరిగిచ్చే తేదీ, లాక్-ఇన్‌లో నోటీసు ఇచ్చే వీలు, బాకీ తీర్చే గడువు, ఈ మూడూ అడగండి. “ఇది మీకూ స్పష్టంగా ఉంటుందండీ, తర్వాత ఇద్దరికీ మాట పట్టింపు రాదు” అంటే ఎక్కువమంది కాదనరు. నోటిమాటగా ఒప్పుకున్నది అగ్రిమెంట్‌లో రాయించి, చేత్తో దిద్దిన ప్రతి చోటా పక్కన ఇద్దరూ సంతకం చేయండి. సంతకాలైన ప్రతి ఒకటి ఆ రోజే మీ చేతికి తీసుకోండి.