అరబ్బీ పత్రాల ఇంగ్లీషు అనువాదం – 6వ పాఠం: మార్కుల పత్రం, టీచరు వ్యాఖ్య

గత పాఠంలో జనన ధ్రువపత్రాన్ని అనువదించాం. పేరును అరబ్బీ ఉచ్చారణను బట్టి మనమే కూర్చకుండా, పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలని అక్కడ చెప్పుకున్న నియమం ఈ పాఠానికీ వర్తిస్తుంది. ఈసారి మన ముందున్నది ఈజిప్టులో 2021–22 విద్యా సంవత్సరంలో మూడవ ఇఅదాదీ తరగతి చదివిన ఒక బాలిక మార్కుల పత్రం, దానికి జతగా తరగతి టీచరు చేత్తో రాసిన నాలుగు మాటలు. ఆమె కుటుంబం కెనడాకు వెళుతోంది.

ముందు తరగతి పేరు చూద్దాం. అరబ్బీలో ‘సఫ్’ అంటే తరగతి. ‘ఫస్ల్’ అనే మాట మాత్రం చోటును బట్టి సెమిస్టర్ అవుతుంది, తరగతిలోని సెక్షన్ అవుతుంది, పాఠాలు జరిగే గది కూడా అవుతుంది. అందువల్ల పక్కనున్న మాట చూడకుండా దాన్ని అనువదించకూడదు. ఈజిప్టులో ఆరేళ్ల ప్రాథమిక విద్య తరువాత మూడేళ్ల ఇఅదాదీ దశ ఉంటుంది కాబట్టి, మూడవ ఇఅదాదీ అంటే తొమ్మిదవ ఏడు. అలాగని ‘గ్రేడ్ నైన్’ అని రాసేయకండి. ‘థర్డ్ ప్రిపరేటరీ గ్రేడ్’ అని ఉన్నదున్నట్టు రాసి, తొమ్మిదవ విద్యా సంవత్సరమన్న సంగతిని అనువాదకుని గమనికగా చదరపు కుండలీకరణాల్లో చేర్చండి. పిల్లను ఏ తరగతిలో చేర్చుకోవాలో నిర్ణయించేది కొత్త బడి, మనం కాదు.

ఇక పట్టిక. అరబ్బీ పట్టిక కుడి నుంచి మొదలవుతుంది గనుక, ఇంగ్లీషులో నిలువు వరుసల క్రమాన్ని తిప్పి, సబ్జెక్టు పేరు ఎడమ చివర వచ్చేలా పెట్టాలి. వరుసల శీర్షికల్లో ‘నిహాయా ఉజ్మా’, ‘నిహాయా సుగ్రా’ అనేవి కనిపిస్తాయి. ‘నిహాయా’ అంటే అంతం అని నిఘంటువు చెబుతుంది, కానీ ఇక్కడ మొదటిది గరిష్ఠ మార్కు, రెండవది ఉత్తీర్ణతకు కావలసిన కనిష్ఠ మార్కు. గరిష్ఠ మార్కు వరుసను వదిలేస్తే పత్రమంతా అబద్ధమవుతుంది, ఎందుకంటే ఈ తరగతిలో అన్ని సబ్జెక్టులకూ 100 మార్కులు ఉండవు. అరబ్బీకి 80, ఇంగ్లీషుకూ గణితానికీ 60 చొప్పున, సైన్సుకూ సాంఘిక శాస్త్రానికీ 40 చొప్పున, మొత్తం 280.

మన బాలికకు అరబ్బీలో 66, ఇంగ్లీషులో 54, సాంఘిక శాస్త్రంలో 31, గణితంలో 35, సైన్సులో 35 వచ్చాయి. చివరి రెండింటినీ గమనించండి. అంకె ఒక్కటే అయినా, సైన్సులో అది 40కి 35 కనుక ‘ముంతాజ్’, గణితంలో 60కి 35 కనుక ‘మక్బూల్’. ఏది ఎంతకు అన్నది కనిపించకపోతే, కొత్త టీచరుకు ఈ అమ్మాయి రెండింటిలోనూ ఒకే స్థాయిలో ఉన్నట్టు తోస్తుంది.

అంకెలు చదవడంలో మన కన్ను మోసపోయే చోట్లు రెండున్నాయి. ఈ అరబ్బీ లిపిలో అయిదు గుండ్రంగా, మన సున్నలాగే ఉంటుంది, సున్న మాత్రం ఒట్టి చుక్క. ఆరు చూడటానికి మనం రాసే 7లా ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో 35ను 30గానూ, 66ను 77గానూ చదవనివారు అరుదు. పైగా గణితంలో కనిష్ఠ మార్కు కూడా 30 కావడం వల్ల, ఆ పొరపాటు అనుమానం రానంత సహజంగా కనిపిస్తుంది. దీనికి మందు కూడిక. పత్రంలో మొత్తం 221 అని ఉంది. మీరు రాసుకున్న అయిదు అంకెల మొత్తం 211 వస్తే అయిదును రెండుచోట్ల సున్నగా చదివారనీ, 232 వస్తే 66ను 77గా చదివారనీ వెతుక్కోవచ్చు. మత విద్య మార్కు పట్టికలో ఉన్నా మొత్తంలో కలవదు. దాన్ని కలిపి లెక్క తేలలేదని కంగారు పడకుండా, మొత్తంలో చేరని సబ్జెక్టు అని పత్రంలో ఉన్న మాటను అలాగే అనువదించండి.

స్థాయిని తెలిపే మాటల దగ్గర ఉర్దూ వచ్చిన హైదరాబాదు వారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే తెలిసిన మాటే దారి తప్పిస్తుంది. ఉర్దూలో ‘మక్బూల్’ అంటే జనాదరణ పొందినవాడు, ‘జయీఫ్’ అంటే ముసలివాడు. మార్కుల పత్రంలో మొదటిది ‘యాక్సెప్టబుల్’, రెండవది ‘వీక్’. ‘మక్బూల్’కు ‘యాక్సెప్టెడ్’ అని రాస్తే, పిల్లకు ఎక్కడో ప్రవేశం దొరికిందన్న అర్థం వస్తుంది. ఈ పత్రం లెక్కలో ‘ముంతాజ్’ 85 శాతం నుంచి, ‘జయ్యిద్ జిద్దన్’ 75 నుంచి, ‘జయ్యిద్’ 65 నుంచి, ‘మక్బూల్’ 50 నుంచి మొదలవుతాయి. అన్ని అరబ్బు దేశాల్లోనూ ఇవే హద్దులు ఉండవు కనుక, వీటిని ఏ, బీ, సీ అక్షరాల్లోకి మార్చే పని పెట్టుకోకండి. ‘ఎక్సలెంట్’, ‘వెరీ గుడ్’, ‘గుడ్’, ‘యాక్సెప్టబుల్’ అని మాటకు మాట రాసి, హద్దులను గమనికలో ఇస్తే చాలు.

అసలు కష్టం టీచరు వ్యాఖ్యలో ఉంది. దానికింద సంతకం చేసిన ‘రాయిదుల్ ఫస్ల్’ క్లాస్ టీచరే. ‘రాయిద్’కు నిఘంటువులో కనిపించే మార్గదర్శి, మేజర్ అనే అర్థాలు ఇక్కడ పనికిరావు. వ్యాఖ్య ఇది: “తాలిబా ముహద్దబా, కసీరతుల్ హరకా ఫిల్ ఫస్ల్. ముస్తవాహా ఫిర్రియాదియ్యాత్ దూనల్ మామూల్, వ తహ్తాజు ఇలా ముతాబఅతి వలియ్యిల్ అమ్ర్.”

మొదటి మాట మర్యాద తెలిసిన విద్యార్థిని అని. రెండవది ‘ఎక్కువ కదలిక గలది’ అని, అంటే ఒకచోట కుదురుగా కూర్చోని పిల్ల. దీనికి ‘హైపర్‌యాక్టివ్’ అనే మాట చేతికి అందుబాటులో ఉంటుంది. ఒకప్పుడు నేనూ అదే రాశాను. కొత్త బడివారు వైద్యుని నివేదిక పంపమని అడిగితే, ఆ తల్లిదండ్రులు నిర్ఘాంతపోయారు. ఆ వైద్య స్థితికి అరబ్బీలో ‘ఫర్తుల్ హరకా’ అనే వేరే మాట ఉంది. టీచరు దాన్ని రాయనప్పుడు మనం రోగ నిర్ధారణ చేయకూడదు. ‘రెస్ట్‌లెస్ ఇన్ క్లాస్’ సరిపోతుంది. అదే టీచరు ‘సుఊబాతుత్ తఅల్లుమ్’, అంటే అభ్యసన ఇబ్బందులు అని రాసి ఉంటే, కుటుంబం బతిమాలినా దాన్ని మెత్తబరచకూడదు.

‘దూనల్ మామూల్’లోని ‘మామూల్’ మన మామూలు కాదు. ఆశించినది అని అర్థం, అక్షరాలు కూడా వేరు. ‘బిలో ఎక్స్‌పెక్టేషన్స్’ అని రాయవచ్చు గానీ, చాలా బడుల్లో అదొక అధికారిక శ్రేణి పేరు కనుక ‘లోయర్ దాన్ హోప్డ్’ అనడం మేలని నా అభిప్రాయం. ‘వలియ్యుల్ అమ్ర్’ అంటే ‘పేరెంట్ ఆర్ గార్డియన్’. ‘ముతాబఆ’ను ‘ఫాలో-అప్’ అంటే తల్లిదండ్రులు బడికి వచ్చి కలవాలన్నట్టు వినిపిస్తుంది. టీచరు కోరుతున్నది ఇంట్లో పెద్దలు ఆమె చదువును క్రమంగా కనిపెట్టి ఉండాలని. కనుక ఆ వాక్యాన్ని ‘హర్ వర్క్ నీడ్స్ రెగ్యులర్ సూపర్‌విజన్ బై హర్ పేరెంట్ ఆర్ గార్డియన్’ అని ముగించండి.

అభ్యాసం: “తాలిబ్ ఖలూఖ్, ఖలీలుల్ ముషారకా, యహ్తాజు ఇలా తష్జీఅ.” దీన్ని ఇంగ్లీషులో రాయండి. రెండవ మాటకు ‘షై’ అని ఎందుకు రాయకూడదో ఒక వాక్యంలో చెప్పండి. జవాబును వచ్చే పాఠం మొదట్లో చూసి, ఆ తరువాత ముద్రలు, సంతకాలు, చెరిగిపోయిన అక్షరాల సంగతికి వెళదాం.