ఎఫ్‌ఈసీ ఆన్‌లోనే ఉంది, ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి: ఇంటర్‌లీవర్ లోతును ఒకసారి చూడండి

సమస్య

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీవో సెన్సర్ల రేడియోలను సరిచేయమని పిలిచేవారు చెప్పే మాట దాదాపు ఒకటే. సిగ్నల్ బలంగా ఉంటుంది, దోష సవరణ (ఎఫ్‌ఈసీ) ఆన్‌లో ఉంటుంది, సగటు దోషాల శాతం కోడ్ సవరించగల హద్దు లోపలే ఉంటుంది. అయినా ప్రతి బ్లాకులోనూ ఒకటి రెండు ప్యాకెట్లు, చెడిందీ లేనిదీ తేల్చే సీఆర్‌సీ పరీక్షలో తప్పుతాయి. వెంటనే యాంటెన్నా ఎత్తు పెంచుతారు, పవర్ పెంచుతారు, చివరికి రేడియోనే మారుస్తారు. తప్పులు ఎన్ని వచ్చాయన్నది అందరూ చూస్తారు కానీ, అవి ఎక్కడెక్కడ వచ్చాయన్నది చూసేవారు అరుదు.

ముందుగా చూడవలసినవి

ఎఫ్‌ఈసీ, బైట్లను కలగలిపి పంపే ఇంటర్‌లీవర్ లోతు రెండు చివర్లలోనూ ఒకేలా ఉండాలి. లెక్కలన్నీ గాలిలో వెళ్లే వేగంతో వేయాలి; సీరియల్ పోర్టు వేగాన్ని దాని స్థానంలో పెట్టుకుంటే కింద చెప్పేదంతా తప్పుతుంది. కనెక్టరులోకి ఉప్పు నీరు చేరిందేమో విప్పి చూడాలి. క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ జారిపోవడం, పక్క ఊరి రేడియో అడ్డు రావడం వంటివి ఉంటాయి కానీ, వాటి కోసం మొదటి రోజే వెతకనక్కరలేదు.

మళ్లీ పంపాలా, సవరించుకోవాలా

సముద్రపు గాలి తగిలే గట్ల మీద రెండు రకాల శబ్దం ఉంటుంది. ఏరియేటర్ స్టార్టర్ పడినప్పుడు వచ్చేది ఒకటి. అది 40 మిల్లీసెకన్లు ఉంటుందనుకుందాం, గంటకు కొన్నిసార్లే వస్తుంది. రెండోది ఉప్పు పేరుకున్న ఇన్సులేటర్ల మీద పుట్టే మెరుపుల వల్ల వచ్చేది. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ప్రతి అర్ధచక్రంలో వోల్టేజి శిఖరానికి చేరువైనప్పుడల్లా, అంటే 10 మిల్లీసెకన్లకు ఒకసారి, అర మిల్లీసెకను పాటు ఆ మెరుపు లేచిపడుతుంది.

మొదటిదానికి మళ్లీ పంపడమే చవకైన మందు. సీఆర్‌సీ తప్పితే మరొకసారి అడుగుతారు, అప్పటికి స్టార్టర్ శబ్దం పోయి ఉంటుంది. రెండోదానికి ఇది పనికిరాదు. గాలిలో సెకనుకు 9600 బిట్ల వేగంతో 60 బైట్ల ప్యాకెట్ వెళ్లడానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఎప్పుడు పంపినా దాని మీద ఐదు మెరుపులు పడి తీరుతాయి. వందసార్లు పంపినా వందసార్లూ చెడుతుంది. ఇక్కడ కోడ్ తప్పనిసరి.

బిట్లను విడివిడిగా సవరించే హామింగ్ (7,4) వంటి కోడ్ ఏడు బిట్లలో ఒక్కటే సరిచేయగలదు. వరుసగా ఐదు బిట్లు చెడితే అది చేతులెత్తేస్తుంది, లేదా సరైన బిట్‌ను కూడా మార్చేస్తుంది. రీడ్-సాలమన్ బ్లాక్ కోడ్ లెక్క బైట్లలో ఉంటుంది. ఒక బైటులో ఒక బిట్ చెడినా ఎనిమిదీ చెడినా దానికి అది ఒక తప్పే, అందుకే గుంపుగా వచ్చే దోషాలకు అది సరిపోతుంది. 60 బైట్లలో 32 సమాచారం, 28 అదనం పెట్టుకుంటే 14 చెడిన బైట్లను సవరిస్తుంది. అర మిల్లీసెకను అంటే సుమారు ఐదు బిట్లు. అవి ఒకటి లేదా రెండు బైట్లను తాకుతాయి. ఐదు మెరుపులకు 5 నుంచి 10 బైట్లు చెడతాయి. అది 14 లోపే కాబట్టి ఇంటర్‌లీవర్ లేకుండా కోడ్ ఒక్కటే సరిపోతుంది.

స్టార్టర్ శబ్దం మాత్రం 384 బిట్లను, అంటే 49 బైట్ల దాకా మింగేస్తుంది. సెన్సరు తిరుగు జవాబు వినగలిగితే మళ్లీ పంపించుకోవచ్చు. బ్యాటరీ ఆదా కోసం పంపడం తప్ప వినడం లేని సెన్సర్ల విషయంలోనే ఇంటర్‌లీవర్ అవసరమవుతుంది. 60 బైట్ల ప్యాకెట్లను, అంటే కోడ్‌వర్డ్‌లను, 12 వరుసల బ్లాకుగా పేర్చి, నిలువు వరుసల చొప్పున పంపితే, గాలిలో పక్కపక్కన ఉన్న బైట్లు వేర్వేరు కోడ్‌వర్డ్‌లవి అవుతాయి. 49 బైట్ల దెబ్బ ఒక్కొక్కదానికి నాలుగైదుగా పంచుకుపోతుంది.

అసలు దొంగ

గాలిలో 9600 వేగంతో 10 మిల్లీసెకన్లు అంటే 96 బిట్లు, అంటే సరిగ్గా 12 బైట్లు. ఇంటర్‌లీవర్ లోతు, అంటే వరుసల సంఖ్య, కూడా 12. ఒక కోడ్‌వర్డ్‌కు చెందిన బైట్లు గాలిలో 12 బైట్లకు ఒకటి చొప్పున వెళతాయి, మెరుపు కూడా 12 బైట్లకు ఒకసారే వస్తుంది. కాబట్టి మెరుపులన్నీ ఒకే వరుస మీద, లేదా ఆనుకుని ఉన్న రెండు వరుసల మీద పడతాయి. పది వరుసలు చెక్కుచెదరకుండా వస్తాయి, ఆ ఒకటి రెండిటిలో బైట్లు దాదాపుగా అన్నీ చెడతాయి. సగటు తీస్తే మాత్రం అంతా హద్దులోనే కనిపిస్తుంది. ఇంటర్‌లీవర్ ఆపేస్తే ఈ నష్టం మాయమై, ఆన్ చేయగానే తిరిగి వస్తుంటే అనుమానించవలసింది దీన్నే.

రుజువు చేసుకోవడం కష్టం కాదు. ఎఫ్‌ఈసీ, ఇంటర్‌లీవర్ రెండూ ఆపి, తెలిసిన బైట్ల వరుసను పంపి, చెడిన స్థానాల మధ్య దూరాలు తీయాలి:

```
err = [i for i in range(min(len(tx), len(rx))) if rx[i] != tx[i]]
gap = [b - a for a, b in zip(err, err[1:])]
```

`gap` లో 12 పదేపదే వస్తే, లేదా 1, 11 జతగా వస్తుంటే కారణం దొరికినట్లే. ఒక స్థానం నుంచి చివరిదాకా అన్నీ తప్పులే అయితే అది మెరుపు కాదు, బైట్ జారడం. దాన్ని వేరుగా చూసుకోవాలి. మరొక గుర్తు కూడా ఉంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ నికరంగా 50 వద్ద నిలవదు. అది 49.95 ఉన్నప్పుడు, విరామం లేకుండా బ్లాకులు పంపుతుంటే, 0.6 సెకన్ల బ్లాకుకు మెరుపు ముప్పావు బైటు దాకా జరుగుతుంది. చచ్చిపోయే వరుస సంఖ్య నెమ్మదిగా నడుస్తూ, సుమారు పది సెకన్లలో పన్నెండు వరుసలూ చుట్టి వస్తుంది. ఈ నడక లాగ్‌లో కనిపించిన తరువాత యాంటెన్నాను ముట్టుకోనక్కరలేదు.

పరిష్కారం

లోతు పెంచితే పోతుందని 24 పెడతారు. పోదు. 24లో 12 రెండుసార్లు పడుతుంది కనుక మెరుపులు రెండు లేదా నాలుగు వరుసలకే పరిమితమై వాటిని పూర్తిగా చంపుతాయి. లోతుకూ 12కూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదు, 13 పెట్టాలి. అప్పుడు ప్రతి మెరుపు ముందుదాని కంటే ఒక వరుస పక్కన పడుతుంది. 780 బైట్ల బ్లాకులో 65 మెరుపులు వస్తాయి కాబట్టి ఒక్కో కోడ్‌వర్డ్ వాటాకు 5 నుంచి 10 చెడిన బైట్లు వస్తాయి. స్టార్టర్ దెబ్బ గరిష్ఠంగా నాలుగు కలుపుతుంది. మొత్తం 14, కోడ్ హద్దు కూడా అదే. బ్లాకు నిడివి 0.65 సెకను అవుతుంది, ఆ మేరకు రెండు చివర్లలోనూ ఆలస్యం ఉంటుంది, డీవో రీడింగుకు అది లెక్కలోనిది కాదు. గాలి వేగం మార్చితే 12 అనే అంకె కూడా మారుతుంది కాబట్టి మళ్లీ లెక్క వేయాలి.

ఇన్సులేటర్ల సంగతి లైన్‌మన్‌కు చెప్పాలి, ఎవరూ స్వయంగా వాటి జోలికి పోకూడదు. ఇక 14లో మిగులు లేదు కనుక, రెండు ఏరియేటర్ల స్టార్టర్లు ఒకే బ్లాకులో పడితే మరో నాలుగు బైట్లు చేరి కోడ్ ఓడిపోతుంది. టైమర్లలో ఒకదానికొకటి కనీసం 2 సెకన్ల తేడా పెట్టాలి.