ఆవర్తిత దశాంశాలను భిన్నాలుగా మార్చడం, పోల్చడం ఎలా?

సంఖ్యా వ్యవస్థ అధ్యాయం నుంచి పోటీ పరీక్షల్లో తరచుగా కనిపించే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. 0.45, 0.(45), 0.4(5), 0.4(54), 0.(454) అనే అయిదింటిని ఆరోహణ క్రమంలో రాయాలి. ప్రశ్నపత్రంలో తిరిగి తిరిగి వచ్చే అంకెల నెత్తిన ఒక గీత ఉంటుంది; దాన్నే బార్ అంటాం. ఇక్కడ ఆ గీతకు బదులుగా ఆ అంకెలను కుండలీకరణాల్లో పెడుతున్నాను. అంటే 0.4(54) అని రాస్తే 0.4545454... అని చదువుకోవాలి. ఈ ప్రశ్నకు చాలామంది అయిదు సంఖ్యలను అయిదు వేర్వేరు స్థానాల్లో సర్దేస్తారు. నిజానికి వీటిలో రెండు ఒకే సంఖ్య. ఆ రెండూ ఏవో కంటితో కాక లెక్కతో ఎలా తేల్చాలన్నదే ఈ వ్యాసం.

మొదటి మెట్టు: తిరిగి రాని అంకెలను, తిరిగి వచ్చే అంకెలను విడదీయడం

దశాంశ బిందువు తరువాత ఉన్న అంకెలను రెండు భాగాలుగా చూడాలి. 0.2(36) లో 2 ఒక్కసారే వస్తుంది, 36 మాత్రం అంతు లేకుండా తిరుగుతూ ఉంటుంది. బిందువు పక్కనుంచే ఆవర్తనం మొదలైతే అది శుద్ధ ఆవర్తిత దశాంశం, మధ్యలో తిరగని అంకెలు ఉంటే మిశ్రమ ఆవర్తిత దశాంశం. ఈ విభజన సరిగా జరగాలంటే, సూత్రం జోలికి వెళ్లకముందే సంఖ్యను ఏడెనిమిది అంకెల వరకు విప్పి రాయడం మంచిది. 0.2(36) అంటే 0.23636363..., 0.(236) అంటే 0.23623623... అని ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే, బార్ ఒక్క అంకె పక్కకు జరిగినా సంఖ్య మారిపోతుందని వెంటనే తెలుస్తుంది.

రెండవ మెట్టు: తోకలు కలిసేలా తీసివేయడం

అంతు లేని అంకెల వరుసలకు చివరి అంకె ఉండదు కాబట్టి, వాటిని మామూలు పద్ధతిలో ఒకదానితో ఒకటి కూడలేము, గుణించలేము. కానీ ఒకే తోక ఉన్న రెండు సంఖ్యలను ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే ఆ తోక మొత్తం ఒక్కసారిగా పోతుంది. పద్ధతి అంతా ఈ ఒక్క ఆలోచన మీదే నిలబడి ఉంది.

x = 0.2363636... అనుకుందాం. తిరగని అంకె ఒక్కటే ఉంది కాబట్టి 10తో గుణిస్తే 10x = 2.363636... అవుతుంది, ఇప్పుడు బిందువు తరువాత ఆవర్తిత భాగం మాత్రమే మిగిలింది. ఆవర్తిత భాగంలో రెండు అంకెలు ఉన్నాయి కాబట్టి దీన్ని మరో 100తో గుణిస్తే 1000x = 236.363636... వస్తుంది. రెండింటి తోకలూ ఒకటే అయ్యాయి. రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసివేస్తే:

1000x − 10x = 236 − 2
990x = 234
x = 234/990 = 13/55

చివరి అంచెలో 234, 990 ల గ.సా.భా. 18 కాబట్టి, లవాన్నీ హారాన్నీ దానితో భాగించాం. 13ను 55తో భాగించి చూస్తే 0.23636... తిరిగి వస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: 1000x లోంచి 10x కు బదులు x ను తీసివేయడం. అప్పుడు 236.363636... లోంచి 0.236363... పోగా 236.127272... మిగులుతుంది. తీసివేసిన తరువాత కూడా తోక అలాగే తిరుగుతూ ఉందంటే, తీసుకున్న రెండు సంఖ్యల తోకలు కలవలేదని అర్థం. మళ్లీ మొదటికి వెళ్లాల్సిన పని లేదు, గుణకాన్ని సరిచూసుకుంటే చాలు.

మూడవ మెట్టు: దగ్గరి దారి, అది తప్పే చోట్లు

పై లెక్కను గమనిస్తే దగ్గరి దారి అందులోనే కనిపిస్తుంది. లవంలో 236 − 2 ఉంది; అంటే మొత్తం అంకెలతో ఏర్పడే సంఖ్యలోంచి తిరగని అంకెలతో ఏర్పడే సంఖ్యను తీసివేశాం. హారంలో 990 ఉంది. అంటే తిరిగే అంకెలు ఎన్ని ఉంటే అన్ని తొమ్మిదులు, వాటి వెనుక తిరగని అంకెలు ఎన్ని ఉంటే అన్ని సున్నాలు. పరీక్షలో సమయం తక్కువగా ఉన్నప్పుడు ఈ సూత్రమే వాడాలి. అయితే తీసివేత పద్ధతిని రెండు మూడు సార్లు చేతితో చేయకుండా సూత్రాన్ని మాత్రమే బట్టీ పడితే, తొమ్మిదులు ముందా సున్నాలు ముందా అన్న దగ్గరే సందేహం వస్తుందని నా అభిప్రాయం.

సూత్రం రెండు చోట్ల జారుతుంది. బిందువుకు ఎడమవైపు పూర్ణాంకం ఉన్నప్పుడు, దాన్ని కూడా తిరగని అంకెగా లెక్కపెట్టి హారంలో ఒక సున్నా ఎక్కువ వేయడం మొదటిది. 2.3(18) లో లవం 2318 − 23 = 2295 అవుతుంది; హారంలో మాత్రం బిందువు తరువాతి అంకెలనే లెక్కించాలి కాబట్టి అది 990, 9900 కాదు. 2295/990 ను సూక్ష్మీకరిస్తే 51/22 వస్తుంది. 51ని 22తో భాగిస్తే రెండు పైన కొంత రావాలి, వస్తుంది కూడా; 9900తో భాగించి ఉంటే 0.23 దగ్గర ఆగేవాళ్లం, తప్పు అక్కడే బయటపడేది.

రెండవది సున్నాలతో మొదలయ్యే దశాంశాల్లో వస్తుంది. 0.0(27) లో సున్నా తిరగదు, అందువల్ల అది 27/990, అంటే 3/110. 0.(027) లో సున్నా కూడా తిరిగే గుంపులోనిదే, అందువల్ల అది 27/999, అంటే 1/37. రెండింటి లవమూ 27 అయినా సంఖ్యలు వేరు. సున్నాకు విలువ లేదని దాన్ని వదిలేస్తే స్థానం పోతుంది, స్థానం పోతే హారం మారుతుంది.

నాలుగవ మెట్టు: హారం చెప్పే సాక్ష్యం

భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తెచ్చాక, దాని హారాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి చూస్తే మన జవాబు సరైనదో కాదో చాలావరకు తెలుస్తుంది. హారంలో 2, 5 మాత్రమే ఉంటే అది అంతమయ్యే దశాంశం. 2 గానీ 5 గానీ అసలు లేకపోతే శుద్ధ ఆవర్తితం. రెండు రకాల కారణాంకాలూ ఉంటే మిశ్రమ ఆవర్తితం. అప్పుడు 2, 5 ల ఘాతాలలో ఏది పెద్దదో, తిరగని అంకెలు అన్ని ఉంటాయి. 55 = 5 × 11 కాబట్టి 13/55 కు ఒకే ఒక్క తిరగని అంకె ఉండాలి, 0.2(36) లో ఉన్నది ఒక్కటే.

ఇప్పుడు మొదటి ప్రశ్నలోని 0.4(54) ను ఇదే విధంగా మారుద్దాం. (454 − 4)/990 = 450/990 = 5/11. పైకి మిశ్రమ ఆవర్తితంలా కనిపించిన సంఖ్యకు హారం 11 వచ్చింది, అందులో 2 లేదు, 5 లేదు. అంటే ఇది నిజానికి శుద్ధ ఆవర్తితమే, బార్‌ను ఒక అంకె ఆలస్యంగా మొదలుపెట్టి రాశారంతే. 0.(45) ను మారిస్తే 45/99, అదీ 5/11 అవుతుంది. వేషం మార్చుకున్న జంట దొరికింది.

అయిదవ మెట్టు: పోల్చడం

పోల్చమన్న ప్రతిసారీ భిన్నాలుగా మార్చనక్కరలేదు. అయిదు భిన్నాలకు క.సా.గు. కట్టడం కంటే అయిదు దశాంశాలను విప్పి, బిందువులు ఒకే నిలువు వరుసలో పడేలా రాయడం త్వరగా అవుతుంది:

```
0.45     = 0.450000...
0.(45)   = 0.454545...
0.4(5)   = 0.455555...
0.4(54)  = 0.454545...
0.(454)  = 0.454454...
```

ఎడమ నుంచి నిలువుగా చదువుతూ, మొదట ఎక్కడ తేడా వస్తే అక్కడే తీర్పు చెప్పాలి. మొదటి రెండు స్థానాలు అన్నిటికీ ఒకటే. మూడో స్థానంలో 0.45 కు సున్నా ఉంది కాబట్టి అది అన్నిటికంటే చిన్నది, 0.4(5) కు 5 ఉంది కాబట్టి అది అన్నిటికంటే పెద్దది. మిగిలిన మూడింటికీ అక్కడ 4 ఉంది. నాలుగో స్థానంలో 0.(454) కు 4, తక్కిన రెండింటికి 5 ఉన్నాయి. కాబట్టి:

0.45 < 0.(454) < 0.(45) = 0.4(54) < 0.4(5)

ఎన్ని అంకెల వరకు విప్పాలన్నది ఇక్కడ వచ్చే సహజమైన సందేహం. రెండు సంఖ్యల్లో ఎక్కువగా ఉన్న తిరగని అంకెల సంఖ్యకు, ఆవర్తిత గుంపుల పొడవుల క.సా.గు. ను కలిపితే వచ్చేటన్ని అంకెలు రాస్తే సరిపోతుంది. 0.(45), 0.(454) ల గుంపుల పొడవులు 2, 3, క.సా.గు. 6. ఆరు అంకెల్లోపు తేడా రాకపోతే ఇక ఎప్పటికీ రాదు, ఎందుకంటే ఆ తరువాత రెండు వరుసలూ మొదటినుంచి అదే ఆట ఆడతాయి.

ఎంత తేడా ఉందో అడిగినప్పుడు, లేదా ఇచ్చినవాటిలో భిన్నాలు కూడా కలిసి ఉన్నప్పుడు మాత్రం భిన్నాలే సుఖం. 0.4(5) = 41/90, 0.(45) = 5/11. అడ్డ గుణకారం చేస్తే 41 × 11 = 451, 5 × 90 = 450. కేవలం ఒకటి తేడాతో 41/90 పెద్దది, ఆ రెండింటి మధ్య దూరం సరిగ్గా 1/990. గుణకారం విషయంలోనూ దశాంశాలను నమ్మకూడదు: 0.(3) × 0.(6) అంటే 0.(18) అని రాసేవారున్నారు, కానీ 1/3 × 2/3 = 2/9, అంటే 0.(2).

తొమ్మిది తిరిగినప్పుడు

నిలువు పోలిక ఒకే ఒక్క చోట మోసం చేస్తుంది. పై జాబితాలో 0.44(9) ను ఆరో సంఖ్యగా చేర్చారనుకుందాం. విప్పి రాస్తే 0.449999... వస్తుంది, 0.450000... పక్కన పెడితే రెండో స్థానంలోనే 4, 5 అని తేడా కనిపిస్తుంది, ఇది చిన్నదని చెప్పబుద్ధి వేస్తుంది. భిన్నంగా మారిస్తే (449 − 44)/900 = 405/900 = 9/20. 0.45 కూడా 9/20 యే. అంతు లేకుండా తొమ్మిదులు తిరిగే సంఖ్యకూ, దాని ముందు అంకెను ఒకటి పెంచి అంతమయ్యేలా రాసిన సంఖ్యకూ మధ్య ఖాళీ లేదు. అవి ఒకే సంఖ్యకు రెండు రాతలు. కాబట్టి పోలికకు ముందు జాబితాలో 9 మీద మాత్రమే బార్ ఉన్న సంఖ్య ఉందేమో చూసి, ఉంటే దాన్ని అంతమయ్యే రూపంలోకి మార్చి రాసుకోవాలి. అప్పుడు మన ఆరు సంఖ్యల వరుస ఇలా ఉంటుంది:

0.44(9) = 0.45 < 0.(454) < 0.(45) = 0.4(54) < 0.4(5)