హైపర్‌సెన్సిటివిటీ టైపులు, ఇమ్యునోడెఫిషియెన్సీ సిండ్రోములు: రెండింటినీ ఒకే చార్టులో ఎలా సర్దాలి?

ఇమ్యునాలజీలో హైపర్‌సెన్సిటివిటీ ఒక అధ్యాయం, ఇమ్యునోడెఫిషియెన్సీ ఇంకో అధ్యాయం. మనమూ రెండు జాబితాలు రాసుకుని విడివిడిగా బట్టీ పడతాం. నేనూ అలాగే చదివి, పరీక్షలో గుడ్‌పాశ్చర్‌ని టైప్ 3లో రాసి వచ్చాను. నిజానికి రెండు అధ్యాయాల్లోనూ పనివాళ్లు వాళ్లే. అతిగా పనిచేస్తే మొదటి అధ్యాయం, పనిలోకి రాకపోతే రెండోది. అందుకే జబ్బుల పేర్లతో కాకుండా పనివాళ్ల పేర్లతో చార్టు గీస్తే రెండూ ఒకే కాగితం మీద కూర్చుంటాయి.

మొదటి అడుగు: నాలుగు వరసలు గీయండి

కాగితాన్ని అడ్డంగా పెట్టి యాంటీబాడీలు, టీ కణాలు, న్యూట్రోఫిల్స్, కాంప్లిమెంట్ అని నాలుగు వరసలు గీయండి. పూర్తయ్యేసరికి చార్టు ఇలా ఉంటుంది:

| పని ఎవరిది | అతి అయితే | లోపిస్తే | లోపాన్ని పట్టిచ్చేది | మొదటి పరీక్ష |
|---|---|---|---|---|
| యాంటీబాడీలు (బీ కణాలు) | టైప్ 1, 2, 3 | ఎక్స్‌ఎల్‌ఏ, సీవీఐడీ, ఐజీఏ లోపం | చెవి, సైనస్, ఊపిరితిత్తుల్లో మళ్లీ మళ్లీ బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు | ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం స్థాయిలు |
| టీ కణాలు | టైప్ 4 | డిజార్జ్, స్కిడ్ | తొలి నెలల్లోనే తగ్గని నోటిపూత, విరేచనాలు, న్యుమోసిస్టిస్ | లింఫోసైట్ల లెక్క |
| న్యూట్రోఫిల్స్ | ఖాళీ | సీజీడీ, లాడ్ | లోతైన గడ్డలు. ఆలస్యంగా ఊడే బొడ్డు | న్యూట్రోఫిల్ లెక్క, డీహెచ్‌ఆర్ |
| కాంప్లిమెంట్ | ఖాళీ | సీ5 నుంచి సీ9 వరకు ఏదో ఒకటి, సీ1 ఇన్హిబిటర్ | మళ్లీ మళ్లీ నైసీరియా. దద్దుర్లు లేని వాపు | సీహెచ్50, సీ4 |

రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయని కంగారు పడొద్దు, వాటిని కావాలనే వదిలేశాను. 1963లో గెల్, కూంబ్స్ చేసిన విభజనలో న్యూట్రోఫిల్స్‌కి గానీ కాంప్లిమెంట్‌కి గానీ సొంత టైపు లేదు. టైప్ 2, 3లలో యాంటీబాడీ పిలిస్తే ఇవి వచ్చి కణజాలాన్ని పాడు చేస్తాయి. నాలుగు టైపుల్లో మూడు యాంటీబాడీలవే, టీ కణాలది ఒక్కటే అన్న సంగతి కూడా ఈ ఖాళీల వల్లే కంటికి కనిపిస్తుంది.

రెండో అడుగు: ఎడమ సగానికి గడియారం చూడండి

నాలుగు టైపులనూ విడదీయడానికి ముందు ఎంతసేపటికి వచ్చిందో అడగాలి. దీనికి పెన్సిలిన్ మంచి ఉదాహరణ, ఎందుకంటే ఈ ఒక్క మందే నాలుగు రకాలుగానూ తేడా చేయగలదు. ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక, బీపీ పడిపోతే అది టైప్ 1. ఐజీఈ ముందే మాస్ట్ కణాల మీద కూర్చుని ఉంది కాబట్టే అంత వేగం. పెద్ద డోసులో రోజుల తరబడి ఎక్కించాక రక్తం తగ్గిపోతుంటే టైప్ 2: మందు ఎర్ర కణాలకు అతుక్కుంది, ఐజీజీ ఆ కణాల మీదే దాడి చేస్తోంది. వారం, రెండు వారాల తర్వాత జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు కలిసి వస్తే టైప్ 3 అనుకోవాలి. ఆ మందును తరచూ చేత్తో ముట్టుకునే వాళ్లకు రెండు మూడు రోజులకు చర్మం మీద దురదతో పొక్కులు వస్తే టైప్ 4. ఇక్కడ టీ కణాలు పోగవడానికే 48 నుంచి 72 గంటలు పడుతుంది. క్షయకి చేసే ట్యూబర్‌క్యులిన్ పరీక్షను రెండు మూడు రోజులకు చూడమనేది అందుకే.

గడియారాన్ని మరీ గుడ్డిగా నమ్మకూడదు. అదే మందుకు ఇదివరకే ఒకసారి టైప్ 3 వచ్చి ఉంటే, రెండోసారి వారం ఆగక్కర్లేదు, కొద్ది రోజుల్లోనే రావచ్చు. ఇక టైప్ 2, 3ల మధ్య అయితే గడియారం అసలు సాయం చేయదు. అక్కడ అడగాల్సింది యాంటీజెన్ ఎక్కడ ఉందని. ఒక చోట అతుక్కుని ఉంటే టైప్ 2. రక్తంలో తేలుతూ యాంటీబాడీతో ముద్ద కట్టి, తర్వాత ఎక్కడో పేరుకుంటే టైప్ 3.

దీన్ని కిడ్నీ బయాప్సీలో కళ్లారా చూడొచ్చు. గుడ్‌పాశ్చర్‌లో యాంటీబాడీ నేరుగా గ్లోమెరులస్ పొరకే అంటుకుంటుంది. అందుకే ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో ఆ పొర వెంట ఆకుపచ్చ వెలుగు గీత గీసినట్టు నున్నగా, తెగకుండా సాగుతుంది. స్ట్రెప్ ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే నెఫ్రైటిస్‌లో అదే వెలుగు రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ పేరుకున్నవి ముద్దలు. నేను పరీక్షలో పోగొట్టుకున్న మార్కులు ఈ గీతకీ చుక్కలకీ మధ్యే పోయాయి.

మూడో అడుగు: కుడి సగానికి వయసు, క్రిమి చూడండి

లోపాలకు గంటల లెక్క పనికిరాదు. ఇన్ఫెక్షన్లు ఏ వయసులో మొదలయ్యాయి, ఏ క్రిమి వచ్చింది అన్నవే ఆధారం. తల్లి ఐజీజీ మాయ ద్వారా బిడ్డకు వచ్చి కొన్ని నెలలు కాపాడుతుంది. కాబట్టి పుట్టుకతో యాంటీబాడీ లోపం ఉన్న బిడ్డ కూడా ఆరో నెల దాకా బాగానే ఉంటాడు. టీ కణాలను మాత్రం తల్లి ఇవ్వలేదు. అందుకే స్కిడ్ తొలి నెలల్లోనే బయటపడుతుంది. బీ కణాలకు కూడా టీ కణాల సాయం కావాలి కాబట్టి స్కిడ్‌లో యాంటీబాడీలూ ఉండవు. దాన్ని చార్టులో మొదటి రెండు వరసలకూ తగిలేలా పెద్దగా రాసుకోండి. ఈ బిడ్డలకు బీసీజీ లాంటి బతికున్న క్రిముల టీకాలు ప్రమాదం.

న్యూట్రోఫిల్ వరసలో రెండు పేర్లు చాలు. సీజీడీలో కణం క్రిమిని మింగుతుంది గానీ చంపలేదు, దాంతో స్టాఫ్, ఆస్పర్‌జిల్లస్ గడ్డలు కడతాయి. లాడ్‌లో కణాలు రక్తనాళం దాటి బయటికే రాలేవు. రక్తంలో న్యూట్రోఫిల్స్ కిక్కిరిసి ఉంటాయి, పుండులో చీము మాత్రం ఉండదు.

నాలుగో అడుగు: ఒక కేసు పెట్టి చూడండి

చదువు కోసం కల్పించిన కేసు ఇది. తొమ్మిది నెలల బాబు. ఆరో నెల దాకా ఏ గొడవా లేదు. ఏడో నెలలో చెవిలో చీము, ఎనిమిదో నెలలో న్యుమోనియా, ఇప్పుడు మళ్లీ న్యుమోనియా. కల్చర్‌లో న్యుమోకోకస్ వచ్చింది. తల్లి తమ్ముడు చిన్నప్పుడే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడట.

ఇవన్నీ ఇన్ఫెక్షన్లే కాబట్టి ముందు కుడి సగానికి వెళ్లాలి. ఆరు నెలలు దాటాక మొదలైంది, వచ్చింది క్యాప్సూల్ ఉన్న బ్యాక్టీరియా. రెండూ యాంటీబాడీ వరసనే చూపిస్తున్నాయి. నోటిపూత లేదు, బరువు బాగానే పెరిగాడు, లింఫోసైట్ల లెక్క మామూలుగా ఉంది, కాబట్టి టీ కణాల వరస వెనక్కి పోతుంది. లింఫోసైట్లలో ఎక్కువ భాగం టీ కణాలే. బీ కణాలు మొత్తానికే లేకపోయినా ఆ లెక్క మామూలుగానే కనిపించవచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడే: లెక్క బాగుంది కదా అని లోపమే లేదనుకుంటారు.

టార్చి వేసి గొంతులో చూస్తే టాన్సిల్స్ దాదాపు లేవు. పదేపదే ఇన్ఫెక్షన్లు వచ్చే పిల్లాడికి అవి ఉబ్బి ఉండాలి. టాన్సిల్స్‌లో పెద్ద వాటా బీ కణాలది, అవే లేకపోతే ఉబ్బడానికి ఏముంది? రక్తంలో ఐజీజీ డెసిలీటరుకు 60 మిల్లీగ్రాములు. ఈ వయసులో కనీసం 200 పైన ఉండాలి. ఐజీఏ, ఐజీఎం దాదాపు లేవు. ఐజీఎం ఎక్కువగానో మామూలుగానో ఉండి మిగతావి తగ్గితే హైపర్ ఐజీఎం సిండ్రోమ్ అనుకునేవాళ్లం.

ఇంకా తొందరపడకూడదు. కొందరు పిల్లల్లో ఐజీజీ తయారీ ఆలస్యంగా మొదలై, తర్వాత దానంతట అదే సర్దుకుంటుంది. తేల్చేది సీడీ19 లెక్క. ఆలస్యం మాత్రమే అయితే బీ కణాలు ఉంటాయి. ఈ బాబుకి రెండు శాతం కంటే తక్కువ. మగపిల్లాడు, తల్లి వైపు మేనమామ అలాగే పోవడం కూడా కలిపితే ఎక్స్‌ఎల్‌ఏ. బ్రూటన్ 1952లో మొదటిసారి వర్ణించిన జబ్బు ఇదే, బీటీకే జన్యువు పరీక్షతో ఖాయం చేస్తారు. ఐజీజీ తక్కువ కదా అని ఈ వయసులో సీవీఐడీ అనకూడదు, నాలుగేళ్లలోపు పిల్లలకు ఆ పేరు పెట్టరు.

ఈ చార్టు పుట్టుకతో వచ్చే లోపాలకే. నిజమైన రోగి దగ్గర వీటికంటే ముందు హెచ్‌ఐవీ, పోషకాహార లోపం, వాడుతున్న మందులు చూస్తారు.

ఐదో అడుగు: పెన్సిల్‌తో బాణాలు గీయండి

కొన్ని జబ్బులు ఒక సగంలో ఉండి రెండో సగంలా కనిపిస్తాయి. రెండు వేర్వేరు జాబితాల్లో ఈ చిక్కు తెలియదు, అందుకే చార్టులో నాకు బాగా నచ్చేది ఈ బాణాలే. ఐజీఏ లోపం ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ కొద్దిమందిలో ఐజీఏ మీదే యాంటీబాడీలు తయారై ఉంటాయి, వాళ్లకు మామూలు రక్తం ఎక్కిస్తే టైప్ 1 లాంటి తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. కాబట్టి లోపం గడి నుంచి అతి గడికి ఒక బాణం. సీవీఐడీ నుంచి టైప్ 2కి ఇంకొకటి: యాంటీబాడీలు చాలని అదే మనిషిలో, ఉన్న కొన్ని యాంటీబాడీలు సొంత ఎర్ర కణాల మీద పడటం అరుదేమీ కాదు.

మూడో బాణం ప్రాణం మీదికి వచ్చేది. ఒక యువతికి పెదవి, ముఖం ఉబ్బాయి. అలర్జీ అనుకుని యాంటీహిస్టమిన్, అడ్రినలిన్ ఇచ్చారు, తగ్గలేదు. వాపు నిమిషాల్లో కాక గంటల తరబడి పెరిగింది. ఒంటి మీద ఒక్క దద్దురూ లేదు, దురదా లేదు. ఇదివరకు రెండుసార్లు కారణం తెలియని కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరింది. ఇది టైప్ 1 కాదు, కాంప్లిమెంట్ వరసలోని సీ1 ఇన్హిబిటర్ లోపం. వాపు తెచ్చేది హిస్టమిన్ కాదు, బ్రాడీకైనిన్. అందుకే అలర్జీ మందులకు లొంగదు, గొంతు ఉబ్బితే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకని టైప్ 1 గడిలో ఒక మూల చిన్నగా రాసుకోండి: దద్దుర్లు లేని వాపు అయితే సీ4 చూడాలి, తగ్గి ఉంటే కింది వరసకి వెళ్లాలి.