అయిదు నిమిషాల క్రీడావార్తలు: స్క్రిప్టు చివరి నుంచి మొదలుపెట్టండి

రేడియోకి క్రీడావార్తల స్క్రిప్టు రాసేటప్పుడు ముందుగా ముగింపు రాసేయండి. "ఇవీ ఈనాటి క్రీడా విశేషాలు. మళ్లీ రేపు ఇదే సమయానికి కలుద్దాం. నమస్కారం." దీన్ని తాపీగా పైకి చదివి గడియారం చూడండి. దానికి 15 సెకన్లు ఉంచుకుంటే, 4:45 కల్లా నమస్కారం వైపు తిరగాల్సిందే. దానికి ముందు 20 సెకన్ల చిన్న వార్త ఒకటి, తీసేసినా నష్టం లేనిది పెట్టుకోండి. మార్జిన్‌లో "4:25" అని పెద్దగా రాయండి. అక్కడికి చేరేసరికి గడియారం 4:25 దాటిందా, ఆ వార్త వదిలేసి నేరుగా ముగింపుకి వెళ్లండి. వేగం పెంచి అన్నీ చదివేద్దామనుకుంటే స్కోర్లే తడబడతాయి.

వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. పత్రికలో "టాస్ గెలిచి మొదట బ్యాటింగ్ ఎంచుకున్న ఆతిథ్య జట్టు నిర్ణీత ఓవర్లలో 168 పరుగులు చేయగా, లక్ష్య ఛేదనలో పర్యాటక జట్టు..." అని సాగుతుంది. వినేవాళ్లకి ఎవరు గెలిచారో తెలిసేసరికి మొదటి సగం మరుపులో పడుతుంది. రేడియోకి ఇలా: "ఆతిథ్య జట్టు నాలుగు పరుగుల తేడాతో గెలిచింది. మొదట బ్యాటింగ్ చేసి 168 కొట్టింది. పర్యాటక జట్టు 164 దగ్గర ఆగిపోయింది." ఫలితం ముందు, వాక్యానికి ఒకే స్కోరు. టాస్ సంగతి ఎవరూ అడగరు.

నిడివి కొలవడానికి కళ్లతో చదవడం పనికిరాదు, గొంతెత్తి చదవాలి. అంకెలే మోసం చేస్తాయి: కాగితం మీద "168" మూడే గుర్తులు, నోటితో "నూట అరవై ఎనిమిది".