తిరస్కరించిన రెజ్యూమెల్లో మంచి అభ్యర్థులు మిగిలిపోయారో లేదో తెలుసుకోవడం ఎలా?

స్క్రీనింగ్ నియమాలు పొరపాటున ముందుకు పంపినవారి సంగతి ఇంటర్వ్యూలో తేలిపోతుంది. పొరపాటున ఆపేసినవారి రెజ్యూమెలను మాత్రం ఎవరూ తెరిచి చూడరు. ఆ తప్పు ఎంతుందో తెలియాలంటే తిరస్కరించినవాటిలో కొన్నింటిని తీసి చదవడమే మార్గం.

ఒక జావా డెవలపర్ ఉద్యోగానికి 1,000 రెజ్యూమెలు తిరస్కరణ జాబితాలో ఉన్నాయనుకుందాం. మొదట వాటిని కారణాన్ని బట్టి విడదీయాలి. సాఫ్ట్‌వేర్ మొదట తప్పిన నియమాన్ని మాత్రమే నమోదు చేసి ఉండవచ్చు కాబట్టి, అన్ని నియమాలనూ మళ్లీ వర్తింపజేసి చూడాలి. అలా చూస్తే, నాలుగేళ్ల అనుభవం లేదన్న ఒక్క కారణంతో ఆగినవి 600, `Spring Boot` అన్న మాట కనబడలేదన్న ఒక్క కారణంతో ఆగినవి 300, రెండూ తప్పినవి 100 అని తేలిందనుకుందాం. చివరి 100ను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

తరువాత ఒక్కొక్క గుంపు నుంచి 60 చొప్పున తీయాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుసను `=RAND()`తో నింపి, ఆ అంకెలు మారిపోకుండా విలువలుగా అతికించి, వాటి వరుసలో అమర్చి, పై 60 తీసుకుంటే చాలు. కాలేజీ పేరో కంపెనీ పేరో చూసి ఏరితే అది నమూనా కాదు.

చదివేవారికి ఏవి తిరస్కరించినవో తెలియకూడదు. అందుకని షార్ట్‌లిస్ట్ అయిన 40 రెజ్యూమెలను వీటిలో కలిపి, పేర్లు తొలగించి, ఇద్దరికి విడివిడిగా ఇవ్వాలి. ఎవరిని మంచి అభ్యర్థిగా లెక్కించాలో ముందే రాసిపెట్టాలి. అందులో పాత నియమాన్నే మళ్లీ రాస్తే తనిఖీకి అర్థం ఉండదు. షార్ట్‌లిస్ట్ అయినవాటిని కూడా ఇద్దరూ ఎక్కువగా కాదంటుంటే, ముందు ఆ కొలమానాన్నే సరిచూసుకోవాలి.

`Spring Boot` గుంపులో 60కి 9 మంచివని ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. అంటే 15 శాతం; 300లో సుమారు 45 మంది. ఆ తొమ్మిదింటినీ తెరిచి చూస్తే కారణం తెలుస్తుంది: కొందరు `SpringBoot` అని కలిపి రాశారు, మిగిలినవారివి రెండు కాలమ్‌ల పీడీఎఫ్‌లు కావడంతో సాఫ్ట్‌వేర్ అక్షరాలను చిందరవందరగా చదివింది. మొదటిదానికి నియమాన్ని సవరించాలి, రెండోదానికి ఫైలు చదివే పద్ధతిని మార్చాలి. అనుభవం గుంపులో ఒక్కటీ దొరకకపోయినా ఆ నియమం నిర్దోషి అని తేల్చడం తొందరపాటే. నమూనాలో ఒక్కటీ దొరకనప్పుడు, అసలు శాతం ఎంతవరకు ఉండవచ్చో అంచనా వేయడానికి 3ను నమూనా సంఖ్యతో భాగించడం గణాంకశాస్త్రంలో వాడుక. ఇక్కడ 3ను 60తో భాగిస్తే 5 శాతం. అంటే 600లో 30 మంది వరకు ఉండే అవకాశాన్ని ఈ నమూనా కొట్టిపారేయలేదు.

రెజ్యూమె బాగున్నంత మాత్రాన అభ్యర్థి సమర్థుడని రుజువు కాదు గనుక, ఆ తొమ్మిదిమందికీ ఫోన్ ఇంటర్వ్యూ పెట్టడం మంచిది. సవరించిన నియమాన్ని అవే 60 మీద పరీక్షిస్తే ఫలితం బాగానే కనబడుతుంది, ఎందుకంటే దాన్ని సవరించింది వాటిని చూసే. అందుకని మిగిలిన 240 నుంచి కొత్త నమూనా తీసి, బలహీనమైనవి ఎన్ని అదనంగా దాటివస్తున్నాయో కూడా లెక్కించాలి.